ఉప్పు బదులు పంచదార

మా అత్తవారింట్లో ఒక మాట నిషేధం. అదేమీ బూతుమాట కాదు, అవి మా ఇంట్లో ధారాళంగానే దొర్లుతాయి. ఆ మాట "లేదు". పాలకొల్లు బజారులో హోల్‌సేల్ కిరాణా కొట్టు పెట్టిన మా మామగారు పోయేముందు కొడుకులిద్దరినీ మంచం దగ్గరకు పిలిచారట. ఆస్తుల సంగతి చెబుతారేమోనని వాళ్ళు చెవులు రిక్కించుకుని కూర్చుంటే, "గుమ్మమెక్కిన బేరాన్ని లేదని చెప్పి పంపకండ్రా" అని కన్నుమూశారట. అప్పటినుంచి పెద్దకొడుకు నాగేశ్వరప్రసాద్‌కి, అంటే మా ఆయనకి, అది వేదవాక్కు. ఎవరైనా కందిపప్పు అడిగినప్పుడు అది అయిపోయి ఉంటే, "ఈ ఎండల్లో కందిపప్పేంటండీ, వేడి చేస్తుంది, పెసరపప్పు తీసుకెళ్ళండి" అంటారు. అదే మనిషి మర్నాడు పెసరపప్పు కోసం వచ్చి, అది నిండుకుంటే, కందిపప్పుకి రాత్రికి రాత్రే ఎక్కడలేని బలం వచ్చేస్తుంది.

చిన్నకొడుకు గణేష్‌బాబుది మా కొట్టు పక్కనే మందుల షాపు. సరుకు మారింది గానీ వ్యాపారం అదే. చీటీలో రాసిన మాత్ర లేకపోతే "పేరు వేరండీ, మందు ఒకటే" అని చేతికొచ్చింది ఇస్తాడు. చీటీయే లేకుండా వచ్చేవాళ్ళంటే మరీ ప్రాణం, మధ్యలో డాక్టరు అడ్డం ఉండదు కదా.

వీళ్ళిద్దరినీ కన్న తల్లి రత్నమాణిక్యం గారు, మా అత్తగారు. డెబ్బైకి దగ్గరపడినా గల్లాపెట్టె పక్కన ఎత్తుపీట మీద కూర్చుని, బజారంతటికీ వినపడేలా కొడుకుని తిడుతూ కొట్టు నడిపిస్తారు. నాకు పెళ్ళయ్యేనాటికి బి.కాం. చివరి సంవత్సరం మిగిలిపోయి ఉంది. ఇంట్లో అందరూ చదువు చాలన్నారు. "సూర్యకళ కాలేజీకి వెళ్తే కొట్టు మునిగిపోదు, మీరు కూర్చుంటేనే మునుగుతుంది" అని కొడుకులిద్దరి నోళ్ళూ మూయించి నన్ను పంపింది ఆవిడే. ఆ ఒక్క మాటకి ఆవిడ ఎన్ని తిట్లు తిట్టినా నేను పడతాను.

ఆవిడకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. కిడ్నీ మాత్రం ఒకటే. వయసులో ఉన్నప్పుడు రాళ్ళు పట్టి రెండోది పాడైపోతే కాకినాడలో తీసేశారు. ఉన్న ఒక్కదాన్నీ కళ్ళలో పెట్టుకుని చూసుకోవాల్సిన ఇల్లు మాది. ఎలా చూసుకున్నామో చెబుతాను.

రెండు మూడేళ్ళుగా ఆవిడకి అప్పుడప్పుడూ మూత్రంలో మంట వచ్చేది. వచ్చినప్పుడల్లా మా మరిది షాపు నుంచి ఓ మాత్రల అట్ట తెచ్చి, ఏదో ప్రసాదం ఇచ్చినట్టు తల్లి చేతిలో పెట్టేవాడు. మంట తగ్గగానే ఆవిడ మిగిలిన మాత్రలు దాచేవారు. మళ్ళీ మంట వస్తే అవే వేసుకునేవారు. అవి పనిచెయ్యకపోతే ఇంకో రంగు అట్ట వచ్చేది. పరీక్ష చేయిద్దామని నేనంటే, "ఇంట్లో మందుల షాపు పెట్టుకుని డాక్టరు దగ్గరికెందుకు వదినా, నలుగురూ నవ్వుతారు" అనేవాడు. తాతకు దగ్గులు నేర్పుతున్నానని నా మీద ఓ జాలి చూపు కూడా.

ఈ వేసవిలో మంట వచ్చింది, ఏ రంగు అట్టకీ లొంగలేదు. అప్పుడు గానీ ఆ నలుగురి నవ్వునీ పక్కనపెట్టి నేను ఆవిడని డాక్టర్ దుర్గాశ్రీ గారి నర్సింగ్ హోముకి తీసుకెళ్ళలేదు. డాక్టరుగారు మూత్రాన్ని కల్చర్ పరీక్షకి, అంటే ఏ జీవి ఉందో, ఏ మందుకి లొంగుతుందో తేల్చే పరీక్షకి పంపించి, ఇంతవరకూ ఏమేం వాడారని అడిగారు. మా మరిది ఛాతీ విరుచుకుని సెఫిక్సిమ్, ఆఫ్లాక్సాసిన్, ఇంకా అవీ ఇవీ ఒక్కటి కూడా మరిచిపోకుండా అప్పజెప్పాడు. బడిలో ఎక్కాలు కూడా అంత శుభ్రంగా చెప్పి ఉండడు.

"చాలా బాగా పెంచారండీ" అన్నారు డాక్టరుగారు.

"ఏంటండీ?"

"సూక్ష్మజీవిని."

రిపోర్టు వచ్చాక ఆవిడ మా అందరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. ఈ రకాన్ని ఈఎస్‌బీఎల్ అంటారట. మందు వచ్చి మీద పడేలోపే దాన్ని కత్తిరించేసే ఎంజైమ్ ఒకటి ఈ జీవి తనే తయారు చేసుకుంటుందట. మా మరిది మోసుకొచ్చిన సెఫిక్సిమ్ జాతి మందులన్నీ దాని ముందు అరటిపండు ముక్కలే. ఆఫ్లాక్సాసిన్‌కీ ఎప్పుడో అలవాటు పడిపోయింది. నోటితో వేసుకునేవాటిలో పనిచేసేవి రెండే మిగిలాయి. ఒకటి నైట్రోఫ్యురాంటోయిన్ మాత్ర, రెండోది నీళ్ళలో కలుపుకుని తాగే ఫాస్ఫోమైసిన్ పొడి.

"జబ్బు ఇంకా మూత్రాశయంలోనే ఉంది, జ్వరం లేదు. ఈ మాత్రతో సరిపోతుంది. చెప్పినన్నాళ్ళూ వాడండి మామ్మగారూ" అన్నారు.

మామ్మగారు రెండ్రోజులు వాడారు. మూడోనాడు మూత్రం ముదురు గోధుమరంగులోకి వచ్చిందని భయపడి మానేశారు. ఆ మందుకి అలా రంగు మారడం మామూలేనని డాక్టరుగారు ముందే చెప్పారు. చెప్పినప్పుడు మా అత్తగారు నర్సు కట్టుకున్న చీర ఏ ఊరి నేతో ఆలోచిస్తున్నారు. మంట తిరిగొచ్చింది. ఇక పొడి పొట్లం రాశారు. పొట్లం మొత్తం ఒకేసారి గ్లాసు నీళ్ళలో కలిపి తాగేయమన్నారు.

మా ఆయన పొట్లం చేతిలో పెట్టుకుని తూకం చూశారు. "ఇంత మందు ఒక్క గుక్కలోనా? పెద్దావిడ తట్టుకోవద్దూ?" అని దాన్ని మూడు భాగాలు చేసి మూడు పూటలా పట్టించారు. జీలకర్ర పొట్లాలు కట్టే చెయ్యి కదా, భాగాలు మాత్రం ఎక్కడా తేడా రాలేదు. నాకు తెలిసేసరికి మూడో భాగం కడుపులోకి పోయింది. మంట కాస్త తగ్గినట్టే తగ్గి, వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గరే ఆవిడకి వణుకు మొదలైంది. మే నెల ఎండలో నాలుగు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. కుడిపక్కన, ఆ ఒక్క కిడ్నీ ఉన్న చోట, చెయ్యి పెడితే కేక పెట్టారు.

ఆ కేక విన్నాక నాకు వెటకారం కూడా రాలేదు.

"జబ్బు పైకెక్కి కిడ్నీని పట్టుకుంది. ఇక నోటి మందులతో కాదు" అన్నారు దుర్గాశ్రీ గారు, ఆవిణ్ణి నర్సింగ్ హోములో చేర్చుకుంటూ.

మా మరిది రిపోర్టు తెరిచి పట్టుకున్నాడు. "మేడం, ఆ రెండూ పనిచేస్తాయని ఇందులో ఉంది కదండీ. నాలుగైదింటికి ఎస్ అని, అంటే లొంగుతుందని ఉంది. ఎస్ ఉన్నది ఏదిస్తే ఏంటండీ?"

"ఆ మాత్రా, ఆ పొడీ మూత్రంలోకి దిగుతాయి గానీ కిడ్నీ కండలో చాలినంత నిలబడవు. కాలవలో నీళ్ళున్నాయని గట్టు మీద చేను తడుస్తుందా? అమికాసిన్ ఉంది, అది పనిచేస్తుంది గానీ కిడ్నీకే దెబ్బ. రెండున్న వాళ్ళకే ఆలోచించి ఇస్తాం. మిగిలింది కార్బపెనెమ్ జాతి. ఎర్టాపెనెమ్ అని రోజుకొక్కసారి రక్తనాళంలోకి ఎక్కిస్తే చాలు. దీన్ని ఆ ఎంజైమ్ కత్తిరించలేదు."

"దాని బదులు..." అని మొదలెట్టాడు మా మరిది.

"బదులు లేదు" అన్నారావిడ.

మా వాళ్ళ మొహాలు చూడాలి. ఆ మాట ఎదురుగా విని ఎన్నేళ్ళయిందో ఏమో, అన్నదమ్ములిద్దరూ ఎవరో చెంప మీద కొట్టినట్టు నిలబడిపోయారు. నేను మాత్రం ఆ రోజునుంచి మందు పెట్టెకి కాపలా కుక్కనయ్యాను. మా మరిది తెచ్చిన ప్రతి సీసా పేరూ అక్షరం అక్షరం చదివి గానీ లోపలికి పోనివ్వలేదు. "నా మీద నమ్మకం లేదా వదినా?" అన్నాడు. లేదని చెప్పాను. మా ఇంట్లో ఆ మాట వాడిన మొదటి మనిషిని నేనే.

మందు నిజంగానే పనిచేసింది. నర్సింగ్ హోములో రెండు మోతాదులు పడేసరికి వణుకు ఆగింది, జ్వరం దిగడం మొదలెట్టింది, అత్తగారికి నోరు లేచింది. నోరు లేవగానే ఆవిడ చేసిన మొదటి పని, ఇంటికి తీసుకెళ్ళమని గోల. హోటలు మెతుకు ముట్టరు, పక్కమంచం మీద ఎవరుంటారో తెలియని గదిలో మంచినీళ్ళు తాగరు. రోజుకొక్క ఇంజక్షనే కదా అని డాక్టరుగారు ఒప్పుకున్నారు. చేతికి సూది గొట్టం ఉంచి, ఎలా ఇవ్వాలో చీటీ మీద రాశారు. వంద ఎమ్మెల్ సెలైన్‌లో కలిపి, అరగంటలో ఎక్కించి తీసెయ్యాలి. ఇంటికొచ్చి ఇవ్వడానికి చిట్టియ్యని కుదిర్చాం. మా వీధిలో ఎవరికి ఏ సూది కావాలన్నా అతనే. "చెయ్యి తేలిక" అని పేరు. ఎవరేం చెప్పినా వినే చెవి కూడా తేలికేనని తరవాత తెలిసింది.

ఉదయంపూట తల్లి దగ్గర కొడుకు కూర్చుంటే కొట్టు కోడలు చూసుకోవాలి. అలా అనుకున్నాం. నేను గల్లాపెట్టె దగ్గర, ఆయన ఇంట్లో మంచం దగ్గర. మందు పెట్టెకి నేను కాసిన కాపలాకి వంక లేదు. రోజూ పొద్దున్నే మందుపొడి ఉన్న చిన్న సీసా పేరు చదివి చిట్టియ్య చేతిలో పెట్టి మరీ కొట్టుకి వెళ్ళేదాన్ని. దొంగ వీధి గుమ్మంలోంచి వస్తాడని నేను వీధిలో కూర్చున్నాను.

ఇంటికొచ్చిన మూడోనాటికి జ్వరం మళ్ళీ అందుకుంది. నాలుగోనాటికి వణుకు. పొద్దున్నే రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఒకటీ పాయింట్ మూడు ఉన్నది రెండు దాటింది. కిడ్నీ నెమ్మదిస్తోందని ఆ అంకె అర్థం. షుగరు మూడువందల నలభై. ఆవిడ నోరు మళ్ళీ పడిపోయింది. "అమ్మాయ్, కొట్టు జాగ్రత్త" అన్నారు. ఆవిడ నోట ఒక్క తిట్టు కూడా లేకుండా ఓ వాక్యం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. డయాలసిస్ మిషన్ పక్కన ఆ మనిషిని ఊహించుకోలేకపోయాను.

ఇక మా ఇంట్లో మంతనాలు. "ఈ మందుకి కూడా అలవాటు పడిపోయింది పురుగు. కొలిస్టిన్ అని దీనికంటే పెద్దది ఉంది. రాజమండ్రిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి అదెయ్యమందాం" అన్నాడు మా మరిది. పెద్దదానికంటే పెద్దది ఉందంటే మా ఆయనకి ఎక్కడలేని ధైర్యం. కారు వీధిలోకి తెచ్చారు, దుప్పట్లు మడిచారు, రాజమండ్రిలో చుట్టాలకి ఫోన్లు కొట్టారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం.

నేను చెప్పులేసుకుని రక్తపరీక్ష కాగితం పట్టుకుని నర్సింగ్ హోముకి నడిచాను. దుర్గాశ్రీ గారు కాగితం చూసి, పాత రిపోర్టు తీసి దాని పక్కన పెట్టుకున్నారు.

"ఇక్కడ దిగిన జ్వరం ఇంటికెళ్ళాక ఎందుకెక్కిందమ్మా?"

"పురుగు మందుకి అలవాటు పడిపోయిందంటున్నాడండీ మా మరిది."

"నాలుగు రోజుల్లోనా? అవ్వకూడదని కాదు. లోపల చీము పట్టి ఉండొచ్చు, ఎక్కడైనా అడ్డుపడి ఉండొచ్చు. స్కాన్ చేద్దాం, కల్చర్ మళ్ళీ పంపుదాం. ముందు మీరెలా ఇస్తున్నారో చూస్తాను, పదండి."

ఆవిడ వచ్చేసరికి మా అత్తగారు హాల్లో మంచం మీద ఉన్నారు. పైన ఉయ్యాల కొక్కేనికి సీసా వేలాడుతోంది. అరగంటలో అయిపోవాల్సింది, పొద్దుటినుంచి ఎక్కుతూనే ఉంది. పదకొండు దాటింది, కరెంటు లేదు, కిటికీలోంచి ఎండ వేడి సరిగ్గా సీసాకే కొడుతోంది. చుక్క తరవాత చుక్క, ఏమీ తొందర లేదన్నట్టు.

డాక్టరుగారు తలెత్తి సీసా మీది అక్షరాలు చదివారు. వెనకాలే నేనూ చదివాను, మందు పేరు తప్ప ఆ సీసా పేరు చదవాలని అంతవరకూ నాకు తోచలేదు. అది వంద ఎమ్మెల్ కాదు, ఐదువందలు. సెలైన్ కాదు, గ్లూకోజు.

"మందు ఇందులో కలిపారా?"

చిట్టియ్య చేతులు కట్టుకున్నాడు. "అవునండీ. చీటీలో సెలైన్ అనే ఉందండీ. ఓనరుగారు బలానికి ఇదెట్టమన్నారండీ. ఏ సీసా అయితే ఏముందిలే, నీళ్ళే కదా అనుకున్నానండీ."

అందరం ఓనరుగారి వంక, అంటే మా ఆయన వంక చూశాం. ఆయన ఏమాత్రం తడబడలేదు. పైగా, మంచి బేరం కుదిర్చినవాడిలా మొహం వెలిగిపోతోంది.

"సెలైనంటే ఉప్పునీళ్ళు కదండీ మేడం. మీరే కదా అమ్మకి బీపీ, కిడ్నీ, ఉప్పు తగ్గించమని చెప్పింది? ఉప్పు వద్దని చెప్పి రక్తంలోకి ఉప్పెక్కిస్తే ఎలాగండీ? మీరు పని ఒత్తిడిలో మరిచిపోయుంటారని, దాని బదులు గ్లూకోజు పెట్టించాను. నీరసానికి కూడా పనికొస్తుందని పెద్దది పెట్టించాను. గబగబా ఎక్కిస్తే గుండెకి బరువని నెమ్మదిగా వదలమన్నాను."

ఉప్పు లేకపోతే పంచదార. జీవితమంతా చేసిన పనే. కొట్టులో ఇస్తే కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి తిట్టుకుంటారు, అంతటితో పోతుంది. ఇక్కడ కన్నతల్లి ఒంట్లోకి ఇచ్చారు.

"షుగరున్న మనిషికి గ్లూకోజు ఏంటండీ?" అని నేను అరిచాను.

మంచం మీంచి నీరసంగా ఓ గొంతు వచ్చింది. "నోటితో తింటేనే కదే షుగరు. చేతిలోంచి పోతే ఏమవుతుంది? నేనే పెట్టమన్నాను." తాపేశ్వరం కాజా చూసి పదేళ్ళయిన మనిషి. ఎవరూ కాదనని తీపి ఒకటి దొరికిందని నాలుగు రోజులుగా కళ్ళు మూసుకుని పడుకుని ఆస్వాదిస్తున్నారన్నమాట. తిలాపాపం తలా పిడికెడు.

దుర్గాశ్రీ గారు సూది గొట్టం కట్టేసి సీసా దించారు. ఆవిడ కోప్పడతారని మేమంతా చూస్తుంటే, కుర్చీ లాక్కుని మా ఆయన ఎదురుగా కూర్చున్నారు. ఆ నెమ్మది నాకు తిట్టుకన్నా భయంగా అనిపించింది.

"వంద ఎమ్మెల్ సెలైన్‌లో ఒక గ్రాము ఉప్పు కూడా ఉండదండీ. మీ అమ్మగారు నిన్న అన్నంలో ఆవకాయ కలుపుకునే ఉంటారు కదా?"

"ఒకే ఒక్క ముక్కండీ."

"సెలైన్ కంటే ఆ ముక్కలోనే ఎక్కువుంటుంది. సరే, అది పక్కన పెట్టండి. ఈ మందుకి గ్లూకోజు పడదు. కలిపిన దగ్గర్నుంచీ మందు విరిగిపోతూ ఉంటుంది. ఎండ వేడికి ఇంకా తొందరగా. మీరు దాన్ని పూటంతా వేలాడదీశారు. పాలు విరిగితే చూసి పారబోస్తారు. ఇది విరిగినా తేటగా నీళ్ళలాగే ఉంటుంది. నాలుగు రోజులుగా మందు పడుతోందని మనమందరం అనుకున్నాం. ఆవిడకి అందింది ఎంతో నాకు తెలీదు. కిడ్నీలో ఉన్న జీవికి మాత్రం హాయిగా ఉంది, షుగరు కూడా మీరే పంపారు కాబట్టి."

మా మరిది గొంతు సవరించుకున్నాడు. "అయితే మేడం, ఇక ఆ కొలిస్టిన్..."

"దేనికండీ? పనిచేసే మందుని మీరు పనిచెయ్యనివ్వలేదు. అది ఏ దారీ లేనప్పుడు వాడేది. కిడ్నీని దెబ్బతీస్తుంది. ఈవిడకున్నది ఒక్కటే, అదీ ఇప్పటికే నెమ్మదించింది. ఇప్పుడు రాజమండ్రి తీసుకెళ్ళి, అన్ని మందులూ అయిపోయాయని మీరు చెబితే, వాళ్ళు నమ్మి అదే మొదలెడితే, ఈ ఊళ్ళో జరిగిన పొరపాటుకి అక్కడ కిడ్నీ పోతుంది." ఆవిడ లేచారు. "నేను మందు మార్చడం లేదు. నీళ్ళు మారుస్తున్నాను. కారు ఎలాగూ వీధిలో ఉంది కదా, నర్సింగ్ హోముకి ఎక్కించండి."

శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదని మా అమ్మ అంటుంటే చాదస్తం అనుకునేదాన్ని.

ఈసారి అత్తగారు హోటలు మెతుకని అనలేదు. అనే ఓపిక లేదు. స్కాన్‌లో చీము కనపడలేదు, అడ్డూ కనపడలేదు. ఇన్సులిన్ పెట్టారు. మందు మళ్ళీ మొదటి రోజు కింద లెక్క మొదలెట్టి, ఈసారి సగం మోతాదే ఇచ్చారు. మా ఆయన ప్రాణం అక్కడ కొట్టుకుంది.

"సగమా అండీ? జబ్బు ఎక్కువైతే మందు తగ్గిస్తారా?"

"కిడ్నీ నెమ్మదిస్తే మందు ఒంట్లోంచి తొందరగా పోదండీ. పూర్తి మోతాదు ఇస్తే పేరుకుపోయి తలకెక్కుతుంది, ఫిట్స్ కూడా రావొచ్చు. ఇందులోనూ ఏమైనా బదులు చెయ్యాలనుందా?"

ఆయన చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. నాకు తెలిసి ఆ చేతులు ఊరికే ఉండటం అదే మొదటిసారి.

మూడు పూటలా ఇంటినుంచి కేరేజీ నేనే మోశాను, ఆవకాయ లేకుండా. నర్సు చిన్న సెలైన్ సీసా తగిలించిన ప్రతిసారీ మంచం పక్కన నిలబడి దాని మీద అక్షరాలు చదివేదాన్ని. అరగంటలో అది ఖాళీ అయ్యేది. అంత చిన్న సీసా, అంత తక్కువసేపు. పెద్ద సీసా గంటలకొద్దీ వేలాడితేనే వైద్యమని నమ్మే మా ఆయనకి అది చూస్తే మోసపోయినట్టుండేది. మొదటి రోజు జ్వరం కదల్లేదు. ఆ రోజు ఆయన వరండాలో గోడకి తల ఆనించి నిలబడ్డారు. "అమ్మకి నేనే విషం పెట్టానా సూర్యకళా?" అని అడిగారు. నా దగ్గర వెటకారం సిద్ధంగానే ఉంది, నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను. ఆ తల్లిని ఆయన నాకంటే ఎక్కువ ప్రేమించబట్టే అంత తప్పు చేశారు. ప్రేమ లేనివాడైతే చీటీలో ఉన్నది ఉన్నట్టు చేసి ఊరుకునేవాడు.

రెండోనాడు జ్వరం దిగింది. ఆ మర్నాడు నేను గదిలోకి వెళ్ళేసరికి, "సాంబారులో ఉప్పేదే, చచ్చినట్టుంది" అని కేక వినిపించింది. గుమ్మంలోనే నిలబడి ఏడ్చాను. కొత్త కల్చర్ రిపోర్టు కూడా వచ్చింది. అదే జీవి. ఎర్టాపెనెమ్ ఎదుట మళ్ళీ ఎస్ అని ఉంది. మందుకి ఎవరూ అలవాటు పడలేదు, మా ఇంటి అలవాటే మందు మీద పడింది.

క్రియాటినిన్ మెల్లగా తగ్గుతూ వచ్చి ఒకటీ పాయింట్ ఏడు దగ్గర ఆగిపోయింది. ముందున్న చోటికి రాలేదు. "ఇక ఇంతే ఉండొచ్చు. డయాలసిస్ తప్పింది. కానీ కొంత పోయింది, అది తిరిగిరాదు" అన్నారు దుర్గాశ్రీ గారు, ఇంటికి పంపిస్తూ. ఎంత పోయిందని మా ఆయన అడగలేదు. తూకం విషయంలో ఆయన ప్రశ్న అడగకపోవడం నేను ఎన్నడూ చూడలేదు. అడిగింది ఇంకొకటి. నెలనెలా కల్చర్ చేయించి, పురుగు మిగిలిందేమో చూసుకుంటూ ఉండమంటారా అని.

"మంట, జ్వరం లేకపోతే పరీక్ష వద్దు. ఊరికే కనపడిందని మళ్ళీ మందు వాడితే ఈ ఎర్టాపెనెమ్‌కి కూడా లొంగనిది తయారవుతుంది. అప్పుడు నా దగ్గర కూడా ఏమీ ఉండదు."

మా అత్తగారు ఈ మాట విన్నారు. ఈసారి నర్సు చీర వంక చూడలేదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి ఆవిడ మళ్ళీ ఎత్తుపీట ఎక్కారు. చెయ్యి మాత్రం ఎప్పుడూ కుడిపక్కన నడుం మీదే ఉంటుంది, గల్లాపెట్టె తాళం అక్కడే దోపుకుని దాన్ని కాపలా కాస్తున్నట్టు. ఒక రోజు మధ్యాహ్నం మొగల్తూరు నుంచి పెద్దిరాజు గారనే రైతు సరుకులు తీసుకుని, డబ్బు ఇచ్చేసి, అలవాటుగా పక్క షాపు వైపు తిరిగారు. ఇంట్లో ఆడమనిషికి మూత్రంలో మంటగా ఉందట, ఏదో ఒక మాత్ర పారేయమన్నారు.

మా మరిది చెయ్యి అరలోకి వెళ్ళింది.

"లేదని చెప్పరా" అని ఎత్తుపీట మీంచి కేక. బజారులో సగం మంది తలలు తిప్పారు.

"ఉందమ్మా, నిన్ననే కొత్త స్టాకు..."

"ఉన్నా లేదని చెప్పు!" ఆవిడ చెయ్యి నడుం మీద గట్టిగా బిగుసుకుంది. "పెద్దిరాజు గారూ, మా ఇంట్లో ఉన్నవన్నీ నేను మింగాను. రెండు కిడ్నీలున్న ఆడది కాబట్టి మీ ఆవిడకి ఇంకా టైముంది. దుర్గాశ్రీ గారి దగ్గరికి తీసుకెళ్ళి పరీక్ష చేయించండి. మా దగ్గర మందు లేదు."

గణేష్‌బాబు చెయ్యి అరలోనే ఆగిపోయింది. అన్నయ్య వంక చూశాడు. మా ఆయన గోడ మీదున్న తండ్రి ఫోటో వంక చూశారు, తల్లి వంక చూశారు. తరవాత గల్లాపెట్టె మీదికి వంగి, కొత్త భాష నేర్చుకుంటున్నవాడిలా తడుముకుంటూ, "లేదండీ" అన్నారు.